పసుపు అంటిన ఫారం

డెబ్బైల చివర నేను నాందేడ్‌లో స్టాఫ్ నర్సుని. కెనడా పోవాలని ముచ్చటపడ్డాను. ముచ్చటపడటం ఎవరికైనా తేలికే. కానీ వలస దరఖాస్తు పెట్టాలంటే ముందు అక్కడి నర్సుల మండలి నా చదువు తమ చదువుకు సమానమేనని ఒప్పుకోవాలి. అందుకు వాళ్లు పంపిన ఫారాన్ని ఆ ఊళ్లోనే నేను చదివిన నర్సింగ్ స్కూలే నింపాలి. మూడేళ్లలో ఏ పాఠం ఎన్ని గంటలు చెప్పారు, పిల్లల వార్డులో ఎన్ని వారాలు, కాన్పుల వార్డులో ఎన్ని వారాలు, నడవడిక ఎలాంటిది, అన్నీ రాయాలి. ప్రిన్సిపాల్ సంతకం చేసి, కవరు అంటించిన చోట ముద్ర కొట్టి, స్కూలే నేరుగా పంపాలి. ముద్ర చెదిరితే ఫారం చెల్లదు.

స్కూలు ఆఫీసులో విదేశీ తపాలాకు స్టాంపులు లేవని గుమాస్తా ఆ కవరును నా చేతికే ఇచ్చాడు, పోతూ పోతూ తపాలా డబ్బాలో వేయమని. వద్దనాల్సింది. ముద్ర ఉందిగా, వేసేది ఎవరైతేనేం అనుకుని ఇంటికి తెచ్చాను. నా బుద్ధికి అప్పట్లో అంతే అందింది.

మాకు నాందేడ్‌లోనే వజీరాబాద్ పేటలో కిరాణా దుకాణం. కొత్త కాగితం ఏదైనా, నాలుగు మూలలా పసుపు, కుంకుమ పెట్టందే మా బాపు దాన్ని గడప దాటనివ్వడు. మరునాడు పొద్దున నేను రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి కవరు దేవుడి ముందు ఉంది. ఉబ్బి ఉంది. ముద్రలో సగం ఒకవైపు, సగం ఇంకోవైపు జరిగింది. అంచున మైదా పిండి జిగురు తడి.

“బాపూ, దీన్ని ఇప్పినవా?”

“ఆవిరి పట్టి పైలంగనే ఇప్పిన బిడ్డా. లోపటి కాగితానికి పసుపు వెట్టకుంటే ఎట్ల? మల్ల అంటువెట్టిన గదా.”

గడప మీద కూలబడ్డాను. నేనే విప్పి గంటలు దిద్దుకున్నానని మండలి అనుకుంటే? వాళ్లు ఇక్కడికి రాస్తే? ఉన్న ఉద్యోగం కూడా ఊడితే? పైగా మేమంతా మరాఠీ పద్ధతిలో బాయి అని పిలిచే ప్రిన్సిపాల్‌కు బదిలీ అయింది, శనివారం వెళ్లిపోతుంది. ఆ రోజు శుక్రవారం. బాపు మీద అరిచాను. ఆయన చెప్పులేసుకుని నా వెంట బయలుదేరాడు.

స్కూలు వరండాలోని బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. బాయి కవరును వెలుతురుకు పట్టి చూసింది. చించి ఫారం బయటికి తీసింది. నాలుగు మూలలా పసుపు, నడుమ నా ఫోటో మీద కుంకుమ. నా నొసటనే పెట్టాడు మహానుభావుడు.

“ఎవరు తెరిచారు?” అని మరాఠీలో అడిగింది.

బాపు అని చెబితే ఆయన్ని లోపలికి పిలిచి కడిగేస్తుంది. అది నేను చూడలేను. “నేనే బాయి,” అన్నాను.

ఆమె నా చేతుల వైపు చూసింది, వాటికి పసుపు లేదు. లేచి తలుపు దాకా వెళ్లి వరండాలోకి తొంగిచూసింది. బాపు వేళ్లు ఎప్పటిలాగే పసుపుతో పచ్చగా ఉండి ఉంటాయి. తిరిగొచ్చి కూర్చుని, సొరుగులోంచి మండలి అదనంగా పంపిన ఖాళీ ఫారం తీసింది. రిజిస్టర్ తెప్పించి గంటలు, వారాలు మళ్లీ ఒక్కొక్కటే రాసింది. నేను ఊపిరి పీల్చుకుంటుండగా కలం ఆగింది.

“నడవడిక గడిలో నిన్న నిజాయితీపరురాలు అని రాశాను. ఇప్పుడు నా ఎదుటే అబద్ధం చెప్పావు. ఏం రాయమంటావు?”

అంత భయం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు. “మా బాపు తెరిచాడు,” అన్నాను. అది కూడా నన్ను నేను కాపాడుకోవడానికే చెప్పానని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అప్పటికే బాపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. విన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, వచ్చీరాని మరాఠీలో, తప్పు తనదేనని, పిల్ల ఏ పాపం ఎరగదని చెప్పాడు.

బాయి ఆయన్ని తిట్టలేదు. ఆ గడిలో ఏదో రాసింది. రెండు మూడు మాటలే. ఫారం మడిచి, కవరులో పెట్టి, ముద్ర కొట్టి, ప్యూన్‌ను పిలిచి రిజిస్టర్ పోస్టులో వేసి రసీదు తెమ్మంది.

ఇంటికి పోతుంటే బాపు అడిగాడు: “ఈ కొత్త కాగితానికి పసుపు వెట్టకనే పాయె గదా బిడ్డా. ఏం గాదు గదా?”

ఆయన గొంతులో కూడా భయం ఉందని అప్పుడు తెలిసింది. ఏం గాదు బాపూ, అన్నాను.

నెలల తరబడి పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినబడితే గడప దాకా పరుగెత్తేదాన్ని. చివరికి మండలి నుంచి ఉత్తరం వచ్చింది, నా శిక్షణ సమానమేనని. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. బాపు ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, బాయి ఆ గడిలో ఏం రాసిందో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతికాను. కనిపించలేదు.