కంప్యూటర్ మంచం

ఐటీ ఉద్యోగులు ఇండ్లు వెతుక్కుంటూ మొయినాబాద్ దాకా వస్తున్న రోజులవి. మా తమ్ముడు అక్కడి తన ఇంటిని అమ్మి, చేవెళ్లలో హార్డ్‌వేర్ దుకాణం పెట్టాలని చూస్తున్నాడు. ఇల్లు ఖాళీగా ఉంది. చూసినవాళ్లు చూసినట్టే వెళ్లిపోతున్నారు. బ్రోకరు ఒక ఉపాయం తెచ్చాడు: ఖాళీ పడకగది ఫొటోలో కంప్యూటర్‌తో మంచం, టేబుల్ బొమ్మలు పెట్టి ఇంటర్నెట్‌లో వేస్తాడట.

ఇంజనీరింగ్ ఆఫీసులో జీవితమంతా నక్షాలు గీసినవాణ్ణి. ఆ ఫొటో చూసిన రోజు నా డైరీలో ‘సిగ్గుమాలిన పని’ అని రాసుకున్నాను.

ఆ గది పొడవు పదడుగులు, అంటే అయిదు టైల్స్. ఆరున్నర అడుగుల డబుల్ కాట్ మూడు టైల్స్ దాటాలి. ఫొటోలో రెండిటికే సరిపోయింది. అందులో పసిపిల్లలు తప్ప ఎవరూ కాళ్లు చాపలేరు. మంచం కోళ్లు నేలకు ఆనలేదు. నీడ కిటికీ వైపే పడింది.

“వెలుగొచ్చే దిక్కుకే నీడ పడుతదా?” అని అడిగాను.

“తల ఉత్తరానికి వచ్చింది సార్. వాస్తు చూసేటోళ్లు ఇటు చూడను గూడ చూడరు. అందుకే మంచం బొమ్మను తిప్పేసినం” అన్నాడు బ్రోకరు, గొప్పగా. నీడతో సహా తిప్పేశాడు, ఆ మేధావి.

తమ్ముడు నవ్వాడు. “నీ చాదస్తం పక్కన పెట్టు అన్న. నీడను కొంటరా ఎవరన్న?”

ఒక సాఫ్ట్‌వేర్ జంట వచ్చింది. ఆమె ఫోన్‌లో ఫొటోను, ఎదుట గదిని మార్చి మార్చి చూసింది.

“మంచం వేసినంక టేబుల్ ముందు కుర్చీ ఏడ పడుతది?”

“అది కెమెరా యాంగిల్ మేడమ్” అన్నాడు బ్రోకరు.

భర్త టేప్ తీసి కొలిచాడు. ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు. తమ్ముడు మెట్ల మీద కూలబడ్డాడు.

“ఇగ దుకాణం లేదు, ఏం లేదు అన్న.”

మర్నాడు నేనే వెళ్లి బ్రోకరు ఆఫీసులో కూర్చుని, ఫొటో మళ్లీ చేయించాను. ఏడడుగుల తలుపును, టైల్స్ గీతలను కొలతగా పెట్టుకుని మంచం సైజు సరిచేయించాను. కోళ్లు నేలకు ఆనిన చోట సన్నటి నల్లటి నీడ, కిటికీకి అవతలి వైపు పోనుపోను పలచబడే నీడ వేయించాను. టేబుల్ తీసేయించాను. మంచం కంప్యూటర్‌తో పెట్టిందని కింద రాయించాను.

“గిట్లయితే గదంత మంచమే కనవడుతున్నది. ఎవడొస్తడు సార్?” అని బ్రోకరు మూలిగాడు.

మొయినాబాద్ దగ్గరి ప్రొద్దుటూరులో కూరగాయలు పండించే ఒక జంట వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసి, “ఫొటోల ఉన్నట్టే ఉన్నది. పండుకునే అర్రల ఇంకేం గావాలె” అంది. ఇల్లు వాళ్లే తీసుకున్నారు. చేవెళ్లలో దుకాణం తెరుచుకుంది.

ఆ ఫొటో తన టెక్నాలజీ అని బ్రోకరు ఊరంతా చెప్పుకున్నాడు. ఒకసారి దుకాణంలో ఎదురై, “ఎంకపల్లిల ఇంకో ఇల్లున్నది సార్, ఆ గదులను జర పెద్దగ చూపిద్దామా?” అన్నాడు. దుకాణంలోని కొలతల టేపొకటి తీసి అతని చేతిలో పెట్టాను.