నానిన తూకం

అశోక్‌నగర్‌లో నాది జిరాక్సు దుకాణం. చదువు ఇంటర్ దగ్గరే ఆగింది కాని, దేన్నైనా అంకెల్లోకి దించకపోతే నాకు నిద్ర పట్టదు. చిక్కడపల్లి ఇంటి నుంచి దుకాణానికి ఎన్ని అడుగులో కూడా లెక్కపెట్టుకున్నవాణ్ని.

ఒకరోజు పేపర్ బాక్సు పైఅరలో పెట్టబోతే నడుము పట్టేసింది. బాక్సు బరువు పన్నెండు కిలోలు, నా వయసు నలభై తొమ్మిది. కండలు సన్నబడ్డాయని, నేర్పేవాళ్ల దగ్గర మెల్లగా బరువులెత్తడం మొదలుపెట్టమని డాక్టరు చెప్పాడు. అలా నారాయణగూడలో ఒక సెల్లార్ జిమ్‌లో చేరాను.

అక్కడి ట్రైనర్ ముప్పై ఏళ్లవాడు. మొదటి వారమే పౌడర్ డబ్బా చేతికిచ్చాడు.

"అంకుల్, బరువులెత్తుడు సగం, తిండి సగం. మీరు డెబ్బై కిలోలున్నరు. రోజుకు జర వంద గ్రాముల దాంక ప్రోటీన్ వడాలె."

"డబ్బా ఎంత?"

ధర చెప్పాడు. మా ఇంట్లో నెల సరుకుల్లో సగం. డబ్బా తిరిగి చేతిలో పెట్టాను.

"గింత తిండి ఉన్నది లోకంల. లెక్క తీసి చూపిస్త."

ఆ ఆదివారమంతా కూర్చున్నాను. గుడ్డుకు ఆరు గ్రాములు, ఏడు రూపాయలు. పనీర్ వంద గ్రాములకు పద్దెనిమిది గ్రాముల ప్రోటీన్, కాని ధర నలభై ఐదు. కందిపప్పు వందకు ఇరవై రెండు గ్రాములు, ధర పదిహేడు. మీల్ మేకర్ వందకు యాభై రెండు, ధర పద్దెనిమిది రూపాయలు. రూపాయికి ఎన్ని గ్రాములో భాగించి చూస్తే మీల్ మేకర్ మిగతావాటిని చాలా వెనక్కి నెట్టేసింది, పనీర్ అట్టడుగున పడింది. ఒకే పేజీలో పట్టిక వేసి, అరవై కాపీలు తీశాను. జిమ్ గోడకు ఒకటి అంటించాను. మిగతావి దుకాణానికి వచ్చే పిల్లలకు ఊరికే ఇచ్చాను. పౌడర్ డబ్బాను ఓడించానన్న గర్వం ఉండేది.

ఆ కాపీ తీసుకున్నవాళ్లలో ఒకమ్మాయి పొద్దున మా బ్యాచ్‌లోనే జిమ్‌కు వచ్చేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతోంది. తల్లిదండ్రులు స్లాబు పనికి వెళ్తారు. మెస్, జిమ్ డబ్బు పోగా ఆమె చేతిలో తిండికి రోజుకు మిగిలేది నలభై రూపాయలు. ఈవెంట్స్ అనే దేహదారుఢ్య పరీక్షలకు ఆరు వారాలుంది. పరుగులో భయం లేదు. ఇనుప గుండు విసరడమే గండం. ఎన్నిసార్లు విసిరినా గీతకు కొంచెం ఇవతలే పడేది.

"నీ కాయితం చూసినంక గుడ్లు బంద్ వెట్టిన అంకుల్," అంది ఒకరోజు. "రోజు నాలుగు తింటుంటి. ఇప్పుడు వంద గ్రాములు మీల్ మేకర్, ఒక గిన్నె పప్పు. డెబ్బై నాలుగు గ్రాములు అక్కడికే అయిపాయె. పైసలు గూడ మిగులుతున్నయి."

"శభాష్ బిడ్డా," అన్నాను.

మూడు వారాలు గడిచేసరికి ఆమె ఎత్తే బరువు పెరగకపోగా, మొదటి వారం ఎనిమిదిసార్లు ఎత్తినదాన్ని ఆరుసార్లకే దించేస్తోంది. మెట్లెక్కితే కాళ్లు లాగుతున్నాయంది. నిద్ర సరిపోవడం లేదేమో అన్నాను. నాకూ ఏమీ పెరగలేదు కాని, అది వయసని సర్దిచెప్పుకున్నాను.

ఒక సాయంత్రం వంటింట్లో నా వంతు మీల్ మేకర్ తూస్తున్నాను. దుకాణంలో కొరియర్ కవర్లు తూచే చిన్న తూకం ఇంటికి తెచ్చుకున్నాను. వేడినీళ్లలో నానినవి గిన్నెలోకి తీసి, వంద గ్రాములకు సరిపెడుతున్నాను. నా భార్య పక్కన నిలబడి చూసింది. ఒక ముక్క తీసి పిండింది. గుప్పెట్లోంచి నీళ్లు ధారగా కారాయి.

"ఏందండీ, ఈ నీళ్లల్ల గూడ ప్రోటీన్ ఉంటదా?"

"నీళ్లల్ల ఎందుకుంటది?"

"మరి నీళ్లను గూడ తూస్తున్నరు గద!"

ప్యాకెట్ తిప్పి చూశాను. ప్యాకెట్ వెనక రాసిన యాభై రెండు, ఎండు ముక్కలకు. పప్పు ఇరవై రెండు, పచ్చిపప్పుకు. నా పట్టికలో ఎండుదనో, వండనిదనో ఎక్కడా రాయలేదు. నేను కూడా నానినదాన్నే తూచి తింటున్నాను. వెంటనే ఎండువి వంద గ్రాములు నానబెట్టి, గట్టిగా పిండి తూచాను. రెండు వందల తొంభై. అంటే నానినవి వంద గ్రాములు తింటే పద్దెనిమిదే. మెస్సులో పల్చటి పప్పు గిన్నెకు ఐదో ఆరో ఉంటుంది. ఆ అమ్మాయి డెబ్బై నాలుగు అనుకుని తిన్నది ఇరవై నాలుగు. యాభై గ్రాములు నీళ్లే. దానికి తోడు, అచ్చంగా ఇరవై నాలుగు గ్రాములిచ్చే నాలుగు గుడ్లను నా కాగితమే మాన్పించింది.

ఆ రాత్రి మంచం మీద ఎటు ఒరిగినా మూడు వారాలు అనే అంకె గుచ్చుకుంది. తెల్లవారకముందే బయల్దేరి, జిమ్ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాను. ఆ అమ్మాయి రాగానే చెప్పేశాను.

"తూచే తింటున్న అంకుల్ నేను. హాస్టల్ వంటక్కతోని లొల్లి వెట్టుకొని మరీ తూస్తున్న."

"తప్పు నాది బిడ్డా. ఈ మూడు వారాలు గుడ్ల పైసలు నేనిస్త."

"పైసలెందుకు? నా మూడు వారాలు తెచ్చియ్యి."

ట్రైనర్ మా మధ్యకు వచ్చాడు. నన్ను ఎత్తిపొడుస్తాడనుకున్నాను, ఎత్తిపొడిచాడు కూడా.

"డబ్బా వద్దంటిరి గద అంకుల్, నీళ్లు తాగిపిచ్చిన్రు!" తరువాత గొంతు తగ్గించాడు. "ఇయ్యాల తింటె రేపు కండ రాదమ్మా. కాని అలసట తగ్గుతది, పాత బలం మల్ల వస్తది. లెక్క సరిగ పెట్టుకో. గుండు విసిరే తీరు నేను దిద్దుత."

అక్కడే మెట్ల మీద మళ్లీ లెక్క వేశాం. ఆమె బరువు యాభై నాలుగు కిలోలు, ట్రైనర్ లెక్కన రోజుకు ఎనభై గ్రాములు చాలు. నాలుగు గుడ్లు, ఇరవై నాలుగు. ఎండువి యాభై గ్రాముల మీల్ మేకర్, ఇరవై ఆరు. మెస్ పప్పు రెండు పూటలా పది. అన్నం, పెరుగు కలిపి ఇరవై. ఎనభై అయింది. ఖర్చు ముప్పై ఏడు రూపాయలు. మీల్ మేకర్ మొత్తం ఒక్కపూటే తింటే పొట్ట ఉబ్బుతుందని ట్రైనర్ రెండు పూటలకు పంచాడు. ఈసారి కాగితం మీద ప్రతి అంకె పక్కనా 'ఎండుది' అనో 'వండినది' అనో ఆమే రాసుకుంది. నన్ను రాయనివ్వలేదు.

మిగిలిన రోజులన్నీ నేను కాగితాల వెంట తిరిగాను. జిమ్ గోడది చింపేశాను. దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగాను. అరవైలో ఇరవై మూడు వెనక్కి వచ్చాయి. ముప్పై ఏడు ఎవరి గదుల్లో ఉన్నాయో తెలియదు. ఈవెంట్స్ రోజు దుకాణంలో ఒకే పేజీని రెండుసార్లు తీసి, ఒకరికి ఇవ్వాల్సినవి ఇంకొకరికి ఇచ్చాను.

మర్నాడు ఆమె వచ్చింది. కౌంటర్ మీద చేయి పెట్టి నిలబడింది.

"మొదటిది ఇవతల పడ్డది. రెండోది గీత మీదనే పడ్డది, లెక్కకు రాదన్నరు."

"మూడోది?"

"మూడోది పడ్డది అంకుల్. నాలుగు వేళ్ల అవతల."

తన నాలుగు వేళ్లు చూపించింది. ఆ నాలుగు వేళ్లలో గుడ్లవెన్నో, ట్రైనర్ దిద్దినవెన్నో, ఆమె పంతం ఎంతో విడదీయడానికి నా దగ్గర భాగహారం లేదు.

"ఇంకొక ముచ్చట," అంది. "మా పైఅంతస్తు అమ్మాయి గోడకు నీ పాత కాయితం ఉన్నది."

షట్టరు సగం దించి ఆమె వెంట హాస్టల్ దాకా నడిచాను. మగవాళ్లను లోపలికి రానివ్వరు. గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. ఆమె కాగితం తెచ్చి ఇచ్చింది. అక్షరాలు పాలిపోయాయి, పక్కన నల్లటి చార పడింది. నా మెషిన్ అలాంటి చార వేయదు. కాపీకి కాపీ తీశారెవరో, వేరే దుకాణంలో.

"ఎక్కడ తీయించిందట?"

"యాదికి లేదంట."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మా సందులోని మొదటి జిరాక్సు దుకాణం వైపు నడిచాను.