ఏడు తర్వాత పదిహేను

నా మొదటి ఉద్యోగంలో నాకు అప్పగించిన మొదటి పని సీసాలు లెక్కపెట్టే బోర్డు. మా ఆఫీసు నారాయణగూడలో, ఒక బట్టల షాపు పైఅంతస్తులో ఉండేది. చిన్న చిన్న కార్ఖానాలకు కావలసిన ఎలక్ట్రానిక్ బోర్డులు తయారు చేసేవాళ్లం. కవాడిగూడలో పచ్చళ్లు పట్టేవాళ్లకు ఒకటి కావలసి వచ్చింది. బెల్టు మీద వచ్చే ప్రతి సీసానూ సెన్సర్ చూస్తుంది, కౌంటర్ ఒకటి కలుపుతుంది, లెక్క పన్నెండుకు చేరినా, దాటినా యంత్రం అట్టపెట్టె మూసేస్తుంది. ఆ కౌంటర్ ఎలా నడవాలో కోడ్ రాయడం నా వంతు. ఇంతకన్నా తేలికైన పని ఇంకేముంటుందని లోలోపల నవ్వుకున్నాను.

బోర్డు బిగించిన కొద్దిరోజులకే ఫోను వచ్చింది. అప్పుడప్పుడు ఎనిమిది సీసాలకే పెట్టె మూసుకుంటోందట. ఒకసారైతే నిండిన పెట్టెలోకే ఇంకా సీసాలు తోసుకొచ్చి, మాగాయ నేలపాలైందట.

బోర్డు వెనక్కి తెచ్చుకుని బల్ల మీద పెట్టాను. కంప్యూటర్లో సిమ్యులేషన్ నడిపితే లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. సెన్సర్ మార్చాను. కరెంటు సరిగ్గా అందడం లేదేమోనని దాన్నీ కొలిచాను. లెక్క మారిన ప్రతిసారీ బోర్డు దాన్ని దాచుకునేలా పెడితే, ఏడు తర్వాత ఎనిమిది రావలసిన చోట ఒకసారి పదిహేను కనిపించింది, ఇంకోసారి సున్నా. అశోక్‌నగర్ హాస్టల్లో నా రూమ్మేట్ గ్రూప్స్‌కు చదువుతూ, నన్ను చూసి నీ పరీక్ష నా పరీక్ష కన్నా కష్టంలా ఉందే అనేది.

ఒక పొద్దున సెన్సర్ తీసేసి, బోర్డు మొత్తానికీ తాళం వేసే క్లాక్ నుంచే పుట్టించిన పల్స్‌లు, సీసాలకు బదులుగా, కౌంటర్‌కు ఇచ్చాను. మధ్యాహ్నం దాకా ఒక్క తప్పు లేదు. అన్నం తిని వచ్చి, తన వేగంతో తాను పల్స్‌లు పంపే సిగ్నల్ జనరేటర్ విడిగా తగిలించాను. చాయ్ వచ్చేలోపే తెర మీద పదిహేను.

కుర్చీ తెర దగ్గరకు లాక్కున్నాను. రెండింటికీ తేడా ఒక్కటే: బయటి జనరేటర్‌కు మా క్లాక్‌తో ఏ సంబంధమూ లేదు. సెన్సర్‌కూ లేదు. సీసా తనకు తోచినప్పుడు వస్తుంది. సిమ్యులేషన్లో మాత్రం నేనే, చక్కగా క్లాక్‌తో పాటే సీసాలు పంపించాను.

కాగితం లాక్కుని ఏడునూ ఎనిమిదినీ బిట్లలో రాశాను. 0111, 1000. ఈ మార్పుకు నాలుగు బిట్లూ ఒకే క్లాక్ అంచు దగ్గర, అంటే క్లాక్ కొట్టే ఒకే క్షణంలో, తిరగాలి: సున్నా ఒకటిగా, ఒకటి సున్నాగా. "సీసా వచ్చింది" అన్న సిగ్నల్‌ను నేను నేరుగా నాలుగింటికీ, అంటే ఒక్కో బిట్‌ను పట్టి ఉంచే నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌లకూ, ఇచ్చాను. దారులు వేరు కాబట్టి అది ఒక్కోదానికి వెంట్రుకవాసి తేడాతో అందుతుంది. సరిగ్గా క్లాక్ అంచు దగ్గరే సీసా వస్తే కొన్ని బిట్లు దాన్ని చూస్తాయి, కొన్ని చూడవు. ఎడమ చివరి బిట్ ఒక్కటే చూసి తిరిగితే 1111, అంటే పదిహేను; పన్నెండు దాటింది కాబట్టి పెట్టె మూసుకుంటుంది. మిగిలిన మూడే తిరిగితే 0000, లెక్క మళ్లీ మొదటికి.

మా సీనియర్ అక్క పక్క గదిలో సోల్డరింగ్ చేస్తోంది. పరుగెత్తుకుంటూ వెళ్లి కాగితం ఆమె ముందు పెట్టాను.

"అక్కా, సెన్సర్‌కు మన క్లాక్ సంగతే తెల్వదు. నాలుగు బిట్లు నాలుగు తీర్ల చూస్తున్నయ్."

ఆమె సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టి, కాగితం చూసింది. "మరి ఏం చేస్తవ్?"

"ముందు సిగ్నల్‌ను ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్‌తోనే పట్టుకుంట. అది ఏం చెప్తే అందరూ అదే వింటరు."

"అది గూడ సరిగ్గ అంచు మీదనే పట్టుకుంటే? ఒకటో, సున్నానో తేల్చుకోలేక కొంచెంసేపు మధ్యలనే ఊగుతది గదా."

కాగితం మీద ఆ ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్ గీసి చూశాను. ఆమె బల్లకు ఆనుకుని నిలబడింది, తొందరపెట్టలేదు. అప్పుడు తట్టింది. "దాని ఎనక ఇంకోటి పెడత. మళ్ల క్లాక్ వచ్చేలోపు మొదటిది తేల్చుకుంటది. రెండోదాని మాటనే కౌంటర్‌కు ఇస్త."

"దాదాపు ఎప్పుడూ తేల్చుకుంటది," అని అక్క సవరించి, మొదటిసారి నన్ను చూసి పూర్తిగా నవ్వింది. "పో, రాయి."

కోడ్‌లో కలిసింది రెండు వరుసలే. జనరేటర్ తగిలించి రెండు రోజులు వదలకుండా నడిపాం. ఏడు తర్వాత ప్రతిసారీ ఎనిమిదే వచ్చింది. రూమ్మేట్‌ను చిక్కడపల్లికి లాక్కెళ్లి, దోసె చల్లారిపోయేదాకా ఆ నాలుగు బిట్ల కథే చెప్పాను. ఆమె ఓపికగా విని, చట్నీ నావైపు జరిపింది.

బోర్డు మళ్లీ బిగించడానికి కవాడిగూడ నేనే వెళ్లాను. పెట్టెలు కట్టే దగ్గర మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకామె ఉంది. చాలాసేపటిదాకా, మూసుకున్న ప్రతి పెట్టెనూ తెరిచి సీసాలు లెక్కపెట్టింది. తర్వాత తెరవడం మానేసి, టేపు వెయ్యడం మొదలుపెట్టింది. ఆ టేపు చప్పుడు వింటూ, అవసరం లేకపోయినా ఇంకో గంట అక్కడే నిలబడ్డాను.