రెండొందల నెలల లెక్క

కొట్లో పుట్టి పెరిగినవాడికి ఉండే జబ్బొకటి నాకూ ఉంది. వస్తువు అక్కరలేకపోయినా బేరం కుదిరితే కొనేస్తాను. ఆమదాలవలసలో నాన్న కిరాణా కొట్టు అమ్మేశాక అక్క వాటాకి యాభై లక్షలు వచ్చాయి. ముప్పై ఏళ్లు ఆ గల్లా దగ్గరే కూర్చున్న మనిషి. పింఛను లేదు, వెనక ఎవరూ లేరు. నెలకి ఇరవై వేలు చేతికొస్తే ఎవరినీ అడక్కుండా బతుకుతానంది. ఆ ఇరవై వేలు ఎక్కడినుంచి వస్తాయో చూసే పని నామీద పెట్టింది. ఆ రోజునుంచి నాకు కుదురు పోయింది. అన్నం ముందు కూర్చున్నా ఒక చెయ్యి ఫోన్ మీదే.

విజయనగరంలో మూడు పోర్షన్ల మేడ దొరికింది. పోర్షనుకి ఎనిమిది వేలు, మొత్తం ఇరవై నాలుగు వేల అద్దె.

"రెండొందల నెలల అద్దె ఎంతో అదే ధర, బావా. ఈ వీధిలో అదే రేటు," అన్నాడు బ్రోకరు. అంటే నలభై ఎనిమిది లక్షలు. ఏడాది అద్దె రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. నూటికి ఆరు రూపాయలు.

మెట్ల గోడ మీద బీట చూపించాను. రెండుసార్లు అలిగి వీధి మలుపు దాకా వెళ్లాను, రెండుసార్లూ ఓనరూ బ్రోకరూ వెనక్కి పిలిచారు. నలభై ఆరుకి దింపాను. ఎవరైనా ఎగరేసుకుపోతారని నా జేబులోంచే యాభై వేలు టోకెన్ ఇచ్చి, శుక్రవారం అగ్రిమెంటు అన్నాను. తిరుగు రైల్లో ఆరు కాస్తా ఆరుంపావు అయిందని లెక్క తేలేసరికి పక్కసీటాయనకి కూడా చెప్పాలనిపించింది.

గురువారం పొద్దున్న అక్క, "ఒకసారి సూసొద్దాం పద," అంది. అగ్రిమెంటు రేపే. చూడ్డానికి ఇంకేముంది?

అక్క గోడల వంక చూడలేదు. కింద పోర్షన్‌లో అద్దెకుంటున్నావిడ గుమ్మంలో కూర్చుని ఆవిణ్ణి మంచినీళ్లు అడిగింది.

"మేడమీద ఎవరూ లేరేటమ్మా?"

"ఏసంకాలం ముందే ఖాళీ సేసీసారండి. ఒకలెల్లి ఇంకొకలొచ్చేసరికి రెండేసి నెలలు పడతాది. మేడమీదకి నీళ్లు సరిగ్గా రావు కదా మరి."

"మోటారో?"

"ఏడాదిలో రెండుమాట్లు కాలిపోనాది. ఓనరుగారే సేయించారు. మాకేటి సంబంధం?"

నేను గేటు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాను. ఆ మాటలు విననట్టే ఉన్నాను. నిజానికి అన్నీ వినబడ్డాయి.

స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అక్క అడిగింది. "ఒరే, కొట్లో అమ్మకం ఎంతైతే లాభం అంత అనుకునీవోళ్లమా?"

"అదెలాగవుతాది? సరుకు ఖరీదు, తరుగు, కరెంటు..."

"మరి అద్దెంతా మిగులని ఎలాగనుకున్నావు?"

అక్క వేళ్లు మడిచింది. ఏడాదిలో రెండు పోర్షన్లు రెండేసి నెలలు ఖాళీ, ముప్పై రెండు వేలు. ఇంటి పన్ను పధ్నాలుగు. మోటారు, సున్నం, పైపులు ముప్పై. మెట్ల లైటూ తుడిచే మనిషీ పన్నెండు. ఎనభై ఎనిమిది వేలు పోతే మిగిలేది రెండు లక్షలు. పైగా కొన్న ధర నలభై ఆరైనా, రిజిస్ట్రేషనూ బ్రోకరూ కలిసేసరికి యాభై దగ్గర పడుతుంది.

"యాభైకి రెండు. నూటికి నాలుగేరా. నెలకి పదహారు వేల చిల్లర. ఇరవై ఎక్కడున్నాది?"

బ్రోకరుకి ఫోన్ చేసి ఈ లెక్క చెప్పాను. అతను నవ్వాడు. "అద్దె సూసి కొంటారేటి బావా? ధర సూడు. అయిదేళ్లలో ఎక్కడికెల్లిపోతాదో."

స్పీకర్‌లో అది విని అక్క, "పెరిగితే మంచిదే. మేడ పాతబడతాది, పెరిగేది కింద జాగా. అదీ అమ్మితేనే చేతికొస్తాది. నెలనెలా మెట్టొకటి కోసుకుని అమ్ముకోమంటావేటి?" అంది. అతను ఫోన్ పెట్టేశాడు.

ఇంకో రెండు లక్షలు దింపిస్తానన్నాను. ఎంత దింపినా అద్దె పెరగదు కదా అంది అక్క. రైలెక్కకముందే, కొనడం లేదని బ్రోకరుకి మెసేజ్ పెట్టాను.

అక్క నలభై లక్షలు పోస్టాఫీసులో, బ్యాంకులో సర్దింది. వడ్డీ ఇరవై వేలు దాటి వస్తోంది. మిగిలిన పదిలో ఎనిమిది పెట్టి గజపతినగరం దారిలో చిన్న స్థలం కొంది. అది పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. నెల ఖర్చులో దాన్ని మాత్రం కలపదు.

టోకెన్ కోసం నేను మూడుసార్లు విజయనగరం తిరిగి, సగం వెనక్కి తెచ్చాను. మిగతా పాతిక వేలూ పోయాయనడం అక్కకి ఇష్టం లేదు.

"నువ్వు రెండు లక్షలు తగ్గించావు. నాను నలభై ఆరూ తగ్గించీసాను. పాతిక వేలు కూలి అనుకో," అంది.

కూలి అక్కది, జేబు నాది.