యాభై నాలుగు కొమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు వయసొచ్చి కాస్త నయం కానీ, పదో తరగతి చదివే రోజుల్లో నా నోటికి భయపడి మా నాన్న వల భుజాన వేసుకుని ముందే గోదారి గట్టుకి వెళ్ళిపోయేవాడు. దొరికిపోయేది అమ్మ.

అమ్మ మా యానాంలోని కనకాలపేట అంగన్‌వాడీలో ఆయా. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకురావడం, గుడ్లు ఉడకబెట్టడం, ముక్కులు తుడవడం, నిద్రపుచ్చడం అన్నీ ఆవిడ పనే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడి టీచరుగారు ఆ జూన్‌లో రిటైరవుతున్నారని తెలిసింది. పది పాసైతే ఆ పోస్టు అమ్మకిస్తామన్నారు. అమ్మ పది ప్రైవేటుగా కట్టి అన్నీ గట్టెక్కించింది, ఒక్క సోషల్ తప్ప. రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి. ఇది కూడా పోతే బయటి నుంచి ఎవరో ఒకరు వస్తారు, అమ్మ వాళ్ళకి గిన్నెలు కడుగుతూ ఆయాగానే ఉండిపోతుంది. ఆ ఏడే నాదీ పదో తరగతి. ఒకే రోజు, ఒకే పేపరు, ఇద్దరం రాయాలి.

సోషల్ అంతటికీ పెద్ద గండం జాతీయోద్యమం పాఠం. ఎన్ని పేజీలు తిప్పినా అవతలి గట్టు కనపడదు. అమ్మ దాన్ని పొద్దున్నే లేచి పైకి చదివేది. చదివిందల్లా పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి మర్చిపోయేది. "ఒసేయ్, ఈళ్ళంతా ఒక్కసారే పోరాడేస్తే పోయేది గదే, ఇన్నిసార్లు ఎందుకూ?" అని విసుక్కునేది.

ఆ సంవత్సరం మా సోషల్ మేడమ్ మాకు మైండ్ మ్యాప్ వేయడం నేర్పారు. కాగితం అడ్డంగా పెట్టుకోవాలి. మధ్యలో పాఠం పేరు రాసి చుట్టూ గీత గీయాలి. అక్కణ్ణించి ఐదారు లావుపాటి కొమ్మలు, ఒక్కోదానికి ఒక్కో రంగు. కొమ్మ మీద ఒక్క మాటే. దాన్నుంచి సన్నటి రెమ్మలు, వాటి మీదా ఒక్కో మాటే. ఒక చోటి సంగతికి ఇంకో చోటి సంగతి కారణమైతే రెంటినీ బాణంతో కలపాలి. అంతా అయ్యాక అసలు పని మొదలవుతుంది. పుస్తకం మూసి, మ్యాపు బోర్లించి, తెల్లకాగితం మీద మళ్ళీ వేయాలి. రానివి ఎర్ర పెన్నుతో నింపాలి. మర్నాడు మళ్ళీ వేస్తే ఎరుపు తగ్గాలి. వేసుకోవడానికి కాదు, మర్చిపోయిందేమిటో తెలుసుకోవడానికే మ్యాపు అని మేడమ్ పదే పదే చెప్పేవారు. నేను ఆ మాట వినకుండా స్కెచ్ పెన్నులు కొనిపించుకోవడం మీద పడ్డాను.

నా మ్యాపు చూస్తే ముచ్చటేసేది. కారణాలు, మితవాదులు, అతివాదులు, ప్రజా ఉద్యమాలు, స్వాతంత్ర్యం. ఐదు కొమ్మలు, ఐదు రంగులు. అమ్మకి ఇదే చూసి వేసుకోమని ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని బుద్ధిగా కాపీ చేసింది కానీ, కొమ్మ మీద ఒక్క మాట రాస్తే ఆవిడకి తృప్తి లేదు. వాక్యాలకి వాక్యాలు ఎక్కించేసింది. చివరికి పాఠం మొత్తం కాగితం మీద గుండ్రంగా తిరుగుతోంది.

"ఇది మ్యాపా? గోడ మీద సినిమా వాల్‌పోస్టరా?"

"ఒక్క మాట రాత్తే మిగతాది ఎవడు చెప్తాడే నాకు?"

"నీ బుర్ర చెప్పాలి!"

"నా బుర్రే చెప్తే ఈ పేపరెందుకు?" అంది అమ్మ. నేను కాగితం నలిపి మూల పారేశాను. మర్నాడు పుస్తకం మూసి మ్యాపు వేయమంటే మధ్యలో పాఠం పేరు రాసి, పెన్ను మూత నములుతూ కూర్చుంది. నా కొమ్మలు ఆవిడ చేతికి రాలేదు.

నాలుగు రోజుల తర్వాత అమ్మే పాత క్యాలెండర్ కాగితం వెనక తనంతట తను ఒకటి వేసింది. బొగ్గులా నల్ల పెన్ను ఒక్కటే. కొమ్మల మీద మితవాదులూ అతివాదులూ లేరు. ఒక్కో కొమ్మకి ఒక్కో సంవత్సరం, ముందున్న పద్దెనిమిది, పందొమ్మిది వందలు వదిలేసి. ఎనభై ఐదు కాంగ్రెస్, ఐదు బెంగాల్, ఇరవై బడులు మానేయడం, ముప్ఫై ఉప్పు, నలభై రెండు వెళ్ళిపొండి, నలభై ఏడు స్వాతంత్ర్యం. కొమ్మకీ కొమ్మకీ మధ్య సున్నా చుట్టి అంకెలు వేసింది. ఇరవై, పదిహేను, పది, పన్నెండు, ఐదు. ఇవేంటని అడిగితే, "పిల్లల ఎడం" అంది. అంగన్‌వాడీలో ఆవిడకి ఏ తల్లి పిల్లల్లో ఏ బిడ్డకీ ఏ బిడ్డకీ ఎన్నేళ్ళ ఎడమో నోటికి వచ్చు. ఉద్యమాలకి కూడా అలాగే ఎడం వేసింది.

అది మంచి ఆలోచనేనని నాకు అప్పుడే తట్టింది. ఒప్పుకుంటే నేనెలా అవుతాను? తప్పు కోసం వెతికాను, దొరికింది. నలభై ఏడు తర్వాత ఏడు అంకె, దాని పక్కన ఇంకో కొమ్మ. మిగతావాటి కన్నా లావుగా ఉంది. యాభై నాలుగు. దాని మీద ఒకే మాట, మనది.

"ఇదేంటమ్మా?"

"మనకి అప్పుడే గదే వచ్చింది. నలభై ఏడులో మనకి రాలేదు. యానాం ఫ్రెంచోళ్ళ కిందే ఉంది. జెండా మారినప్పుడు మా నాన్న, అదే మీ తాతయ్య, జనంలో నిలబడి చూశాడు. బతికున్నన్నాళ్ళూ చెప్పేవాడు."

"పాఠంలో ఉందా?"

"పాఠంలో లేకపోతే జరగనట్టా?"

"మనం రాసేది ఆంధ్రా బోర్డు పరీక్ష, పేపరు దిద్దేవాళ్ళు ఆంధ్రావాళ్ళు! స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందంటే యాభై నాలుగని రాసి కూర్చుంటావు నువ్వు. మళ్ళీ పోతుంది. జన్మంతా ఆయాగానే ఉంటావు!"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. అని ఊరుకోలేదు, కత్తెర తెచ్చి ఆ మూల కత్తిరించేశాను. "దాన్ని బుర్రలోంచి కూడా తీసెయ్" అన్నాను. అమ్మ కత్తిరించిన ముక్క తీసి బైబిల్లో పెట్టుకుంది.

పరీక్ష రెండు రోజులుందనగా మధ్యాహ్నం, పిల్లలంతా ఇళ్ళకి వెళ్ళాక, అంగన్‌వాడీ గచ్చు మీద కూర్చోబెట్టి అమ్మని మళ్ళీ మూసి వేయమన్నాను. ముందు వారం గడగడా వేసిన మనిషి మధ్యలో పేరు రాసి ఆగిపోయింది. ముప్ఫై అని రాసి కొట్టేసింది. ఇరవై రెండు అని రాసి కొట్టేసింది. నాకు మండుకొచ్చింది.

"వచ్చిందే కదమ్మా మొన్న! ఏమైంది నీకు?"

"ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీట్లేదే."

"ఎనభై ఐదు నుంచి!"

"అది నాకెప్పుడు గుర్తుంది? నేను ఎనక నించి గదే వస్తాను. యాభై నాలుగు మా నాన్న చెప్పింది, అది చచ్చినా మర్చిపోను. దాంట్లో ఏడు తీత్తే నలభై ఏడు. ఐదు తీత్తే నలభై రెండు. పన్నెండు తీత్తే ముప్ఫై, ఉప్పు. పది తీత్తే ఇరవై. పదిహేను తీత్తే ఐదు, బెంగాలు. ఇరవై తీత్తే ఎనభై ఐదు. నువ్వు దాన్ని తీసెయ్యమన్నావు గదా. తీసేశాను. ఇప్పుడు దేంట్లోంచి తీసుకోను?"

'నా కూతురు చదువుకుంది, దానికి తెలుసు' అనుకుని తనకి నిజంగా తెలిసిన ఒక్క అంకెనీ అమ్మ నా మాట మీద వదిలేసుకుంది. నేను కత్తిరించింది పనికిరాని కొమ్మ కాదు, ఆవిడ కాలు మోపే చోటు. ఆ రోజు కలిగినంత సిగ్గు నాకు తర్వాత ఎప్పుడూ కలగలేదు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. "ఆ ముక్కేదీ?" అని గొణిగాను. ఇంటికెళ్ళి, బైబిల్లోంచి తీసి, అన్నం మెతుకులతో క్యాలెండర్ కాగితానికి అతికించాను. పాఠంలోది కాదని తెలియడానికి దాని చుట్టూ చుక్కల గీత గీశాను. "ఇది లెక్కకి మాత్రమే. పేపరు మీద రాయకు" అన్నాను. అమ్మ తలూపింది.

తర్వాత ఆ కాగితం మీదే ఇద్దరం కూర్చున్నాం. అమ్మ మ్యాపులో ఏళ్ళున్నాయి కానీ ఎందుకు జరిగిందో లేదు. ఒక్కో కొమ్మకీ మూడు రెమ్మలు వేయించాను. ఎందుకు, ఏం చేశారు, ఏమైంది. ఉప్పు కొమ్మకి పన్ను, సముద్రం, జైలు. బెంగాల్ కొమ్మకి విభజన, బట్టలు, రద్దు. ఈసారి అమ్మ ఒక్కో మాటతోనే సరిపెట్టుకుంది. సాయంత్రానికి మూసి వేస్తే ఎర్ర పెన్నుతో నింపినవి నాలుగే. మర్నాడు ఒక్కటే.

పరీక్ష రోజు అమ్మ గంజిపెట్టిన తెల్ల నేత చీర కట్టుకుంది. ఆవిడ గదిలోకి అడుగు పెట్టగానే పిల్లలంతా టీచరనుకుని లేచి నిలబడ్డారు. అమ్మ కంగారుపడి, "కూర్చోండమ్మా, నేనూ మీలాగే" అంది. నేను పక్క గదిలోకి వెళుతూ కిటికీలోంచి చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పేపర్లో అదే వచ్చింది. జాతీయోద్యమంలోని ముఖ్య ఘట్టాలు వరుసగా వివరించండి. నా మ్యాపు కళ్ళ ముందుకి తెచ్చుకున్నాను. పచ్చ కొమ్మ, నీలం కొమ్మ, అన్నీ వచ్చాయి. ప్రజా ఉద్యమాల కొమ్మ మీద రెమ్మలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఉప్పు ముందా, బడులు మానేయడం ముందా? రంగులు వేయడమే గానీ, నేను ఒక్కసారైనా మూసి వేస్తే కదా. చివరికి కళ్ళు మూసుకుని యాభై నాలుగులోంచి ఏడు తీశాను. ఐదు తీశాను. పన్నెండు తీశాను. మెట్లు దిగినట్టు ఎనభై ఐదు దాకా దిగి, అక్కణ్ణించి పైకి రాసుకుంటూ వచ్చాను. నలభై ఏడు దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టాను.

బయట గేటు దగ్గర అమ్మ నా కోసం నిలబడి ఉంది. అన్నీ రాశానంది. తర్వాత నెమ్మదిగా, "కోప్పడకు. చివర్లో ఒక్క ముక్క రాసేశానే" అంది.

"ఏం రాశావు?"

"మా ఊరికి మాత్రం యాభై నాలుగులో వచ్చింది అని."

"అమ్మా! రాయొద్దన్నానా!"

"అన్నావు. కానీ లెక్కంతా దాంతోనే చేసుకుని, ఆఖరికి దాన్నే రాయకపోతే మా నాన్న ఏవనుకుంటాడే?"

నోరు తెరిచాను, తిడదామనే. కోపం రాలేదు. నేనూ ఆ కొమ్మ పట్టుకునే గట్టెక్కాను. పేపరు మీద మాత్రం దాన్ని దాచేశాను.

ఫలితాలొచ్చిన రోజు నెట్ సెంటర్లో ముందు అమ్మ నంబరే కొట్టించాను. సోషల్ ముప్ఫై తొమ్మిది, పాస్. నాకు ఎనభై రెండు. ఇంటికొచ్చి చెబితే అమ్మ నాది విని సంతోషపడింది, తనది విని నమ్మలేదు, రెండుసార్లు చెప్పించుకుంది.

"మార్కులు నావి కావమ్మా. హాల్లో నాది మర్చిపోయి నీ మ్యాపే వేసుకున్నాను. యాభై నాలుగు నుంచి" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. "మరి రాశావా దాన్ని?"

రాయలేదని చెప్పాను. అమ్మ జూన్‌లో టీచరుగా చేరినప్పుడు ఆ క్యాలెండర్ కాగితం తీసుకెళ్ళి అంగన్‌వాడీ బీరువా తలుపుకి లోపలివైపు అతికించింది. అంతకు ముందు ఒకే ఒక్క మార్పు చేసింది. నేను గీసిన చుక్కల గీత మీద పెన్నుతో గట్టిగా నిండు గీత గీసింది.