పద్నాలుగు టిక్కులు

బాలశౌరి గారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లెవరున్నారు గనక! జడ్జీల ఫోటోలు కోర్టు గోడలకి వేలాడతాయి. ప్లీడరు పోతే సంతాపసభ పెడతారు. గుమాస్తా పోతే మర్నాడు ఆ స్టూలు మీద ఇంకో గుమాస్తా వచ్చి కూర్చుంటాడు, అంతే. అందుకని నేనే రాస్తున్నాను. ఇందులో నా తప్పొకటుంది, అది దాచుకుంటే రాయడం శుద్ధ దండగ.

ఆయన బెజవాడలో మా సీనియర్ గారి దగ్గర ఇరవయ్యేడేళ్లు గుమాస్తాగా చేశారు. సొంతూరు కంకిపాడు పక్క పల్లె, కాపురం పటమటలో. ఎస్సెల్సీ తప్పిన మనిషి. కానీ క్రిమినల్ కేసు కట్ట చేతిలో పెడితే, విప్పకుండానే ఏ కాగితం ఎక్కడుందో చెప్పేవారు. ఆయనకి ఒక్కడే కొడుకు, జాన్‌బాబు. వాణ్ణి ప్లీడర్ని చెయ్యాలని ఆయన ఆశ. డెబ్బై రెండులో వాడికి సాక్ష్యచట్టం, క్రిమినల్ ప్రొసీజరు కలిపిన పరీక్ష ఇరవయ్యొక్క రోజుల్లో ఉందనగా, తండ్రి చెబుతుంటే వాడు ఒక ఫుల్‌స్కేప్ కాగితం మీద ఏ రోజు ఏం చదవాలో రాసుకున్నాడు. రోజూ చదివింది తండ్రికి అప్పజెప్పి, ఆ రోజు పక్కన టిక్కు పెట్టుకునేవాడు. పద్నాలుగు టిక్కులు పెట్టాడు. పదిహేనో రోజున టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరాడు, ఇంక ఇంటికి రాలేదు. మిగిలిన ఆ ఏడు రోజులూ ఎవరైనా చదివి టిక్కులు పెడితే చూడాలని బాలశౌరి గారి కోరిక. అది తీరని కోరికో పిచ్చి కోరికో మీరే అనుకోండి. ఆయన మాత్రం మూడేళ్లు ఎవరితోనూ అనకుండా మోశారు.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తెలియకపోవడం నా తప్పు కాదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అడిగానా? అడగలేదే!

నేను పెడన నేతగాళ్ల ఇంటి పిల్లాణ్ణి, పేరు పాండురంగం. మా నాన్న మగ్గం అమ్మి నన్ను కాలేజీలో చేర్చాడు. వన్ టౌన్‌లో ఒక మేడ మీద గదిలో ఉండి, పగలు సీనియర్ గారి ఆఫీసులో టైపు కొట్టి, సాయంత్రం లా చదివేవాణ్ణి. డెబ్బై నాలుగు అక్టోబరులో అదే పరీక్ష తప్పాను. ఎందుకు తప్పానో కూడా చెబుతాను. ఆ ఏడాది ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. అప్పటికే నడుస్తున్న విచారణలు మాత్రం పాత కోడ్ కిందే సాగాయి. దాంతో ఆఫీసులో నేను టైపు కొట్టే కాగితాల్లో సగం పాత సెక్షన్ల నంబర్లు, సగం కొత్తవి. పరీక్షలో భార్య మనోవర్తి ప్రశ్నకి నూట ఇరవై అయిదు అని రాయాల్సింది, నాలుగు వందల ఎనభై ఎనిమిది అని రాసొచ్చాను. అలాంటివే ఇంకో నాలుగు. మళ్లీ తప్పితే పెడన వచ్చి బావతో పాటు బట్టల మూట మొయ్యమని నాన్న తేల్చి చెప్పేశాడు.

డెబ్బై అయిదు మే పరీక్షకి మూడు వారాలుందనగా సీనియర్ గారు నాకు సెలవిచ్చారు. ఆ సాయంత్రం బాలశౌరి గారు సంచిలోంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టారు. కింది భాగం వెనక్కి మడిచి, కేసు కట్టలు కుట్టే తెల్లదారంతో అంచులు కుట్టేసి ఉంది. పైన పద్నాలుగు రోజులే కనిపిస్తున్నాయి.

"దీని ప్రకారం చదవండి బాబూ. పొద్దున్నే అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదింటిదాకా. నేను కోర్టుకెళ్లే ముందర వచ్చి ఇక్కడ ఆఫీసు అరుగు మీద నాకు అప్పజెప్పాలి. సాయంత్రం ఒక్క ప్రశ్నకి జవాబు రాయాలి. కుట్టిన భాగం జోలికెళ్లకండి, దాని సంగతి అప్పుడు చూద్దాం" అన్నారు.

"ఈ టిక్కులేంటండీ?"

"అంతవరకూ ఒకళ్లు చదివారు."

"తర్వాత?"

"తర్వాత చదవలేదు."

"చాతగాక పారిపోయుంటాడు!" అని నవ్వాను. నా నోట మట్టిపడ. ఆయన సంచి భుజాన వేసుకుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

కాగితం మీది పద్ధతి మాత్రం గట్టిదే. ముందు పదకొండు రోజులు సాక్ష్యచట్టం, తర్వాత పది రోజులు ప్రొసీజరు. అలా ఎందుకని అడిగితే, "ప్రొసీజర్లో నూట అరవై రెండుకొచ్చేసరికి ఎవిడెన్సులో నూట నలభై అయిదు మీ నోట్లో ఉండాలి. పోలీసు రాసుకున్న వాంగ్మూలం సాక్షి మాట తప్పని చూపడానికే గానీ, అదే సాక్ష్యం కాదు. రెండూ విడివిడిగా చదివినవాడికి ఒకటీ రాదు" అన్నారు. ఆయన పాఠం చెప్పే పద్ధతే వేరు. పుస్తకం తెరిచేవారు కాదు, తీర్పైపోయిన పాత కేసు కట్ట ఒకటి తెరిచేవారు. ఇరవయ్యేడో సెక్షను నాకు అలాగే వచ్చింది.

"ముద్దాయి పోలీసు కస్టడీలో ఉండి, 'నేనే పొడిచాను, కత్తి గడ్డివాములో దాచాను' అన్నాడు. వెళ్లి చూస్తే కత్తి దొరికింది. ఎంతవరకూ సాక్ష్యంగా లోపలికొస్తుంది?"

"మొత్తం వస్తుందండీ."

"సంతోషించాం! మీ ముద్దాయికి ఉరే. 'గడ్డివాములో దాచాను' అన్నంతవరకే వస్తుంది బాబూ. దేనివల్ల వస్తువు దొరికిందో ఆ ముక్క మాత్రమే. 'పొడిచాను' అన్నది పోలీసుకి చెప్పింది, ఇరవై అయిదు, ఇరవై ఆరు దాన్ని గుమ్మంలోనే ఆపేస్తాయి."

ముప్ఫై రెండో సెక్షను, మరణ వాంగ్మూలం, వచ్చిన రోజున మాత్రం కట్ట తేలేదు. "అది మీరే చదువుకోండి" అని తొందరగా వెళ్లిపోయారు. బద్ధకించారనుకున్నాను!

పన్నెండు, పదమూడు, పద్నాలుగు రోజులు ఎఫ్ఐఆర్, పోలీసు దర్యాప్తు, సాక్షుల వాంగ్మూలాలు. దర్యాప్తు సెక్షన్లు కొత్త కోడ్‌లోనూ చాలామటుకు పాత నంబర్లతోనే ఉన్నాయి, అందుకని నాకు ఏ అనుమానమూ రాలేదు. పదిహేనో రోజు పొద్దున నేను ఆఫీసుకి చేరేసరికి ఆయన ఇంకా రాలేదు. నాకు ఆత్రం ఆగలేదు. బ్లేడు తీసి దారం కోసి, మడత విప్పాను.

ఒళ్లు మండిపోయింది. కేసు సెషన్సు కోర్టుకి పంపే కమిటల్‌కి 207-ఎ. ముద్దాయిని ప్రశ్నించడానికి 342. విడుదల మీద అప్పీలుకి 417. హైకోర్టు అధికారానికి 561-ఎ. మనోవర్తికి, ఇంకేముంది, 488! నన్ను ముంచిన నంబర్లన్నీ వరసగా కూర్చుని వెక్కిరిస్తున్నాయి. ఆఫీసు ఎర్రసిరా బుడ్డిలో కలం ముంచి, పదిహేను నుంచి ఇరవయ్యొకటి దాకా ఒక్కో వరసా కొట్టేశాను. కోపం చల్లారక, వాటి మీద అడ్డంగా 'రద్దు' అని బండక్షరాలతో రాశాను.

అప్పుడొచ్చారు ఆయన. కాగితం ఆయన ముందు పెట్టి నోరు పారేసుకున్నాను.

"ఏంటండీ ఇది? ఈ దిక్కుమాలిన నంబర్లు రాసే కదా కిందటిసారి తప్పాను! చచ్చిపోయిన కోడు నాకెందుకండీ? నన్ను పెడన పంపించేద్దామనా?"

"కొత్త నంబర్లు నాకు తెలుసు బాబూ. నోటితో చెబుదామనుకున్నా."

"నోటితో ఎందుకు? కాగితం మీద దిద్దొచ్చు కదా!"

"దిద్దబుద్ధి కాలేదు" అన్నారు.

అద్దుడు కాగితం తీసి, తడి సిరా మీద మెల్లగా అద్దారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నారు.

"ఇవాళ పదిహేనో రోజు. రాసుకోండి. 207-ఎ పోయింది. ఇప్పుడు కమిటల్ దగ్గర సాక్షుల విచారణ లేదు. మేజిస్ట్రేటు ముద్దాయికి పోలీసు కాగితాల నకళ్లిచ్చి, 209 కింద సెషన్సుకి పంపిస్తాడు" అని మొదలుపెట్టారు. గొంతులో ఏ తేడా లేదు.

ఆ ఏడు రోజులూ అలాగే చెప్పారు. 342 కాదు 313. 417 కాదు 378. 561-ఎ కాదు 482. ఆఖరి రోజు బెయిలు: 437, 439, మధ్యలో 438 సరికొత్తది, అరెస్టు కాకముందే అడుక్కునేది. కాగితమేదని ఒకసారి అడిగితే ఇంట్లో ఉందన్నారు. ఇరవయ్యొకటో రోజు అప్పజెప్పడం అయ్యాక, "అన్నీ అయినట్టేనా బాబూ?" అని అడిగారు. అయినట్టేనండీ అన్నాను. "ఏదీ మిగల్లేదుగా?" అని మళ్లీ అడిగారు. ఇదేం చాదస్తం అనుకుని పుస్తకాలు సర్దుకున్నాను.

పాసయ్యాను. జూలైలో పేపర్లో నా నంబరు చూసుకుని, బందరు లడ్డూల పొట్లం పట్టుకుని పటమట వెళ్లాను. ఆయన ఇంట్లో లేరు. భార్య శౌరమ్మ గారు కుర్చీ వేశారు. గోడ మీద మేరీమాత పటం పక్కన ఒక కుర్రాడి ఫోటో ఉంది.

"మా జాన్‌బాబండి. లా చదివేవాడు. మీరు చదివిన ఆ కాగితం వాడిదేనండి. ఆసుపత్రిలో జొరంతో ఒళ్లు తెలీకుండా పడుండి కూడా, 'ఇవాళ ఎన్నో రోజు నాన్నా, నేను అప్పజెప్పలేదు' అనేవాడండి."

ఆమె మామూలుగానే చెబుతోంది. మేకు మీద జాగ్రత్తగా గుచ్చిన కాగితం తీసి చూపించింది. గుమాస్తాలు తప్పుపడిన అక్షరాన్ని బ్లేడు అంచుతో గీకి తీస్తారు. పోయిన నెలంతా ఆయన కిటికీ దగ్గర కూర్చుని, నా ఎర్రసిరా గీకారట. ఎర్రసిరా పోయింది. దానితో పాటు కొడుకు అక్షరాలూ పోయాయి. పై పద్నాలుగు వరసలూ నల్లగా, టిక్కులతో ఉన్నాయి. కింద ఏడు వరసల మేర కాగితం ఉల్లిపొర అయిపోయి, అక్కడక్కడా గులాబీరంగు మరకలు మిగిలాయి.

బాలశౌరి గారు అప్పుడే లోపలికొచ్చారు. నా చేతిలో ఏముందో చూశారు.

"నన్నెందుకు తన్నలేదండీ?" అన్నాను.

"మీకేం తెలుసు బాబూ. మీరన్నదీ నిజమే. వాడూ పోయాడు, వాడు చదివిన చట్టమూ పోయింది. ఎవరి చేతిలో ఏముంది?" అని జేబులోంచి కలం తీసి ఇచ్చారు. "మీరు ఏడు రోజులూ చదివారుగా. పాసయ్యారుగా. ఇప్పుడు పెట్టండి ఆ టిక్కులు."

శౌరమ్మ గారు పీట తెచ్చి కాగితం దాని మీద పరిచింది. పదిహేనో వరస ఎక్కడుండేదో ఆయనే వేలితో చూపించారు. ఊపిరి బిగబట్టి, పాళీ ఆనీ ఆననట్టు ఆనించాను. పాళీ కాగితంలోకి దిగి, టిక్కు గీత పొడుగునా అది చిరిగిపోయింది.

ఆయన నా చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టారు.

"పద్నాలుగే అనుకుంటానండి వాడికి" అన్నారు.

నేను ఆ పీట ముందే కూలబడి గట్టిగా ఏడ్చేశాను. ఏడవాల్సిన మనిషి నా వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకోండి ప్లీడరు గారూ, ఊరుకోండి" అని నన్ను ఓదార్చారు. నన్ను ప్లీడరు గారూ అని మొట్టమొదట పిలిచింది ఆయనే.