బొటనవేలు ఆగిన చోటు

బాన్సువాడ బస్టాండు వెనక సందులో అఖిలేశ్‌ది ఫ్లెక్సీల దుకాణం. అందులో వనిత చేరింది రింగులు కొట్టడానికి. అచ్చయి వచ్చిన ఫ్లెక్సీ అంచులు మడిచి, మూలమూలకూ రింగు పెట్టి సుత్తితో కొట్టాలి. ఇంటర్ మధ్యలో ఆపేసిన అమ్మాయికి తండా దాటి దొరికిన మొదటి పని అదే. మాట్లాడాల్సిన పని లేదు కాబట్టి నచ్చింది కూడా. సుత్తి పక్కన పెట్టినప్పుడల్లా అఖిలేశ్ వెనక నిలబడి కంప్యూటర్ చూసేది. చూస్తూ చూస్తూనే డిజైన్లు చేయడం పట్టుబడింది. ఆర్నెల్లకు రెండో కుర్చీ ఆమెదయింది.

ఆ కుర్చీ ఇప్పుడు ఉంటుందో పోతుందో అన్నట్టుంది.

నిర్మల మేడమ్ ఊళ్లో లెక్కలు రాసే ఆఫీసు నడుపుతుంది. దుకాణాల్లో, ప్రైవేటు బడుల్లో నెల జీతానికి పనిచేసే వాళ్లకు ఆదివారాలు ఖర్చుల గురించి క్లాసులు పెట్టాలని ఆమె ఆలోచన. అందుకు ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచి, వేలితో పక్కకు జరుపుతూ చదివే స్లైడ్లు చేయమని అఖిలేశ్‌కు అప్పగించింది. రెండు పోస్టులు వెళ్లాయి. చాలామంది కళ్ల ముందు నుంచే వెళ్లాయి గానీ రెండో స్లైడు దాకా జరిపిన వాళ్లు లేరు. మళ్లీ చూద్దామని ఫోన్లో దాచుకున్న వాళ్లు అసలే లేరు.

"మూడోది గూడ గిట్లనే పోతే నిజామాబాద్ల వేరేటోళ్లకు ఇస్తదట మేడమ్," అన్నాడు అఖిలేశ్. "ఇగ నీకు ఫ్లెక్సీలే, నాకు ఫ్లెక్సీలే."

వనిత పాత పోస్టు తెరిచి చూసింది. మొదటి స్లైడులో మధ్యన మేడమ్ నిలువెత్తు ఫొటో, చేతులు జోడించి ఉంది. పైన బంగారు అక్షరాల్లో పేజీ పేరు. పక్కన ఫోన్ నంబరు. చుట్టూ బంతిపూల అంచు. ఆ అంచు వనితే పెట్టింది, ముచ్చటపడి మరీ. ఎక్కడో కింద చిన్నగా, 'వ్యక్తిగత బడ్జెట్ చిట్కాలు'.

ఫ్లెక్సీ అలాగే చేయాలి. ఎవరి ఫొటో పెద్దది, ఎవరి పేరు ముందు అన్నదే అక్కడ పని. ఒక్కరిని వదిలేసినా దుకాణం ముందు పంచాయితీ. కానీ ఫ్లెక్సీ రోడ్డు మీద కదలకుండా ఉంటుంది, మనుషులు నడిచి వస్తారు. ఇక్కడ మనిషి కూర్చునే ఉంటాడు, బొమ్మలే పరుగెడతాయి.

"ఫొటో తీసేద్దాం అన్నా," అంది నెమ్మదిగా.

"మేడమ్ ఫొటో తీసేస్తవా? ఆమెనే పైసలిస్తది పిల్లా!"

"ఆఖరి స్లైడ్ల పెడ్దాం."

అఖిలేశ్ తల గోక్కున్నాడు. కాసేపటికి ఫొటో ఉన్న చోట తనే ఒక వాక్యం రాశాడు: 'నెలకు పదివేలు మిగిల్చే రహస్యం'. ఎర్రరంగు మీద పసుపు అక్షరాలు. వెంటనే మేడమ్‌కు పంపాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"పన్నెండు వేల జీతగానికి పదివేలు ఎట్ల మిగుల్తయి అఖిలేశ్? ఇంటి కిరాయి నువ్వు కడ్తవా? లోపల లేనిది బయట రాయకు. రేపు నా మొఖం ఎవరు చూస్తరు?"

అఖిలేశ్ ఫోన్ పెట్టేసి కుర్చీ వెనక్కి జరిపాడు. "ఇగ నువ్వే రాయి," అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే.

వనిత రాసింది: 'పదో తారీఖుకే పైసలు ఖతమా?' చిన్న మాట. అందరూ అనుకునే మాట. దాన్ని బొమ్మగా చేసి ఫోన్లోకి ఎక్కించి, పెళ్లిబట్టలు, బిర్యానీ, క్రికెట్ బొమ్మల మధ్య పెట్టింది. ప్రశ్నపత్రాలు అచ్చు వేయించుకోవడానికి వచ్చిన ప్రైవేటు బడి వెస్లీ సార్ చేతికి ఆ ఫోన్ ఇచ్చింది.

"గిసొంటివి చూసుకుంట కూసోండి సార్, ప్రింటు అయ్యేదాక."

చెప్పి, ఆయన ముఖం చూడకుండా బొటనవేలు చూసింది. పెళ్లిబట్టలు పోయాయి. బిర్యానీ పోయింది. ఆమె చేసిన బొమ్మ దగ్గర వేలు ఆగింది! వనిత తలెత్తి ఆయన ముఖం చూసింది. అంతలోనే అది ముడుచుకుంది.

"ఏం వనితా, నా మీదనే రాసినవా? జీతం తక్వైతే ఖతం గాదా మరి?" అని గబుక్కున ముందుకు జరిపేశాడు.

ఆగాడు. కానీ లోపలికి రాలేదు. ఆపడం ఒక్కటే సరిపోదని ఆమెకు అప్పుడు తెలిసింది. గాయం మీద చెయ్యి వేసినా మనిషి ఆగుతాడు, వెంటనే చెయ్యి తోసేస్తాడు కూడా.

సాయంత్రం షేర్ ఆటోలో పక్కన అంబిక కూర్చుంది. చీరల దుకాణంలో పనిచేసే పిల్ల, పక్క ఊరిదే. ఆటో సందు మలుపు తిరుగుతుండగా ఆమె ఫోన్ మోగింది. చూసుకుని ఎగిరి గంతేసినంత పని చేసింది.

"జీతం పడ్డది! అన్నా, జర ఆటో ఆపు, చికెన్ తీసుకొస్త."

"ఇంటి కిరాయి గట్టవా?" అన్నాడు ఆటో అన్న.

"గది రేపు చూద్దాం. ముందు చికెన్!"

ఆటోలో అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరు చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె ముందు పిల్లకు గాజులట. ఒకాయన బండి కిస్తీ. ఇంకొకాయన, "నేనా? మొదలు రీచార్జ్. అది లేకుంటే జీతం పడ్డట్టు మెసేజ్ గూడ రాదు గదా!" అన్నాడు. ఎవరూ అడగలేదు, అయినా అందరూ చెప్పారు. సిగ్గుపడలేదు, కోపం తెచ్చుకోలేదు.

వనిత చీకటి పడుతున్న వరిచేల వైపు చూస్తూ అందరూ చెప్పిన ఆ 'ముందు' అన్న మాటను మనసులో తిప్పుకుంటూ ఇల్లు చేరింది.

మర్నాడు దుకాణం తెరవగానే కూర్చుని చేసింది. ఉత్త పసుపు రంగు. పువ్వులు లేవు, అంచులు లేవు. పెద్ద అక్షరాలు, బొటనవేలు కప్పేయకుండా పైన:

'జీతం పడంగనే మీరు చేసే మొదటి పని ఏంది?'

కింద చిన్న బాణం, అంతే. రెండో స్లైడులో జవాబు వెంటనే వచ్చేలా మేడమ్ రాసిచ్చిన మాటలనే ముందుకు జరిపింది: 'మనలో చాలామంది ముందు ఖర్చు పెట్టి, మిగిలితే దాస్తం. వరుస మార్చి చూడండి. కొంచమైనా సరే, ముందు పక్కకు పెట్టి, తర్వాత ఖర్చు.' మొదటి స్లైడు చూసి దాటిపోయిన వాళ్లకు మళ్లీ ఒక్కోసారి రెండోదే ఎదురవుతుందని అఖిలేశ్ చెప్పాడు. అందుకే అది కూడా ఒంటరిగా అర్థమయ్యేలా ఉంచింది.

మధ్యాహ్నం నిర్మల మేడమ్ తనే వచ్చింది. అఖిలేశ్ ఏదో చెప్పబోతుంటే వనిత మధ్యలో ఫోన్ చాపింది. 

"చెప్పుడు కాదు మేడమ్. చూడండి."

మేడమ్ బొమ్మలు జరుపుతూ పోయింది. పసుపు బొమ్మ దగ్గర వేలు ఆగింది.

"నేనా? నేనైతే మా అమ్మ మందులు..." అని, ఆగి, తలెత్తి వనితను చూసింది. తర్వాత తనంతట తానే పక్కకు జరిపింది. మళ్లీ జరిపింది. ఆఖరి దాకా పోయి తన ఫొటో దగ్గర నవ్వింది. "ఇక్కడున్ననా నేను! మంచిగున్న. 'ఏంది' అని రాసుడు బాగుంటదా అనుకున్న గానీ... 'ఏమిటి' అంటే ఎవరన్న జవాబు చెప్తరా? ఉండనీ."

పోస్టు వెళ్లింది. ఊరంతా ఊగిపోలేదు. అయినా సాయంత్రానికి కింద జవాబులు వరుసకట్టాయి. చెప్పులని ఒకరు, మహిళా సంఘం కిస్తీ అని ఒకరు. 'ముందు నిద్ర' అని వెస్లీ సార్. పోస్టును దాచుకున్న వాళ్లు, స్నేహితులకు పంపిన వాళ్లు కనబడ్డారు. ఆదివారం క్లాసు ఎప్పుడని ఇద్దరు అడిగారు.

మేడమ్ ఫోన్ చేసి నెలనెలా పని ఇక్కడే అని చెప్పింది. "మొదటి స్లైడు మాత్రం ఆ పిల్లనే చెయ్యాలె," అని కూడా అంది.

అఖిలేశ్ సుత్తి తీసి తన బల్ల కిందికి తోశాడు. "ఇగ రింగులు నేనే కొట్టుకోవాల్నేమో. నీ బతుకు మంచిగైంది, నాది ఖరాబైంది," అన్నాడు నవ్వుతూ.

వనిత కూడా నవ్వింది. తర్వాత తన ఫోన్ తెరిచి, ఇంతవరకు ఎవరి పోస్టు కిందా ఒక్క అక్షరం రాయని ఆ పిల్ల, పసుపు బొమ్మ కింద మెల్లగా రాసింది: 'మొదలు అమ్మ చేతిల పెడ్త. ఈ నెల నుంచి కొంచెం నా పేరు మీద దాస్త.'

పంపే ముందు ఒకసారి ఆగింది. తర్వాత బొటనవేలితో నొక్కింది.